పార్ట్ 6 చూసినవాళ్లు పార్ట్ 7కి ఎందుకు రావట్లేదు? తప్పు ప్లేలిస్టుదా, చాప్టర్లు లేకపోవడమా?

పద్మజ – బ్రాడీపేట, గుంటూరు

అందరికీ నమస్కారం. ఇంట్లోనే టైలరింగ్ క్లాసు నడుపుతాను. క్లాసుకి రాలేని ఆడవాళ్ల కోసం లైనింగ్ బ్లౌజ్ మొదటి నుంచి చివరి వరకు 12 పార్టులుగా తీసి యూట్యూబ్‌లో పెట్టాం. కొలతలు పార్ట్ 1. పేపర్ కటింగ్ 2, 3. వెనక భాగం 4, ముందు భాగం, డాట్లు 5, చేతులు 6. ఏడు నుంచి కుట్టడం మొదలవుతుంది.

వీటిలో చేతుల కటింగ్ వీడియో బాగా పోయింది. దాని పక్కన పార్ట్ 7 వ్యూస్ చూస్తే పదో వంతు కూడా లేవు. కింద కామెంట్లలో మాత్రం "మేడమ్, తర్వాతది ఎక్కడ?" అని అడుగుతూనే ఉంటారు. అన్నీ ఒకే ప్లేలిస్టులో ఉన్నాయి. అయినా ఎందుకు దొరకట్లేదో నాకు అర్థం కావట్లేదు. మా చెల్లెలి కూతురు అప్‌లోడ్ చేస్తుంది. "పెద్దమ్మా, అన్నీ కలిపి ఒకే పెద్ద వీడియో చేసి చాప్టర్లు పెట్టేద్దాం" అంటోంది. అలా చేయొచ్చా?

కిషోర్ – పటమట

మేడమ్, చాప్టర్లు మాత్రం పెట్టకండి. జనం తమకు కావలసిన ముక్కకి దూకేసి వెళ్లిపోతారు, సగటున చూసే టైమ్ పడిపోతుంది, అప్పుడు వీడియోని ఎవరికీ చూపించరు. ప్లేలిస్ట్ ఉంది కాబట్టి ఒకటి అయ్యాక ఇంకొకటి దానంతటదే వస్తుంది, అందులో అనుమానం లేదు. ప్లేలిస్ట్ సెట్టింగుల్లో `Set as official series for this playlist` అని ఉంటుంది, అది ఆన్ చేయండి. పక్కన వచ్చే సజెషన్లలో మీ తర్వాతి పార్టే కనిపిస్తుంది. నా వంటల చానల్‌కి అన్ని ప్లేలిస్టులకీ అదే చేశాను.

సుబ్బారావు మాస్టారు – మంగళగిరి

చాప్టర్ల వారీగా పెట్టడమే మంచిదమ్మా. నేను పదో తరగతి సోషల్ చెబుతాను. జాగ్రఫీ ఒక చాప్టర్, ఒక వీడియో. హిస్టరీ ఒక చాప్టర్, ఒక వీడియో. పిల్లలకి ఏ పాఠం కావాలంటే అది చూసుకుంటారు. కలిపేస్తే గందరగోళం.

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

మాస్టారూ, మేడమ్ అడిగే చాప్టర్లు పుస్తకంలోవి కాదండీ. ఒకే వీడియోలో కింద ఉండే గీతని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకి పేరు పెట్టేవి. డిస్క్రిప్షన్‌లో టైములు రాస్తే వస్తాయి.

పద్మజ గారూ, ఏదైనా మార్చే ముందు మూడు సంగతులు చూసి చెప్పండి. ఒకటి, పార్ట్ 6కి జనం ఎక్కడి నుంచి వస్తున్నారు? యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిచి ట్రాఫిక్ సోర్సులు చూస్తే తెలుస్తుంది. రెండు, ప్లేలిస్ట్ తెరిస్తే అన్నిటికంటే పైన ఏ పార్ట్ ఉంది? మూడు, పార్ట్ 6 చివర ఎండ్ స్క్రీన్‌లో ఏం పెట్టారు?

నేను నాలుగైదు చానళ్లకి ఎడిటింగ్ చేస్తాను. "తర్వాతది దొరకట్లేదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు చూసేది ఈ మూడే.

పద్మజ – బ్రాడీపేట, గుంటూరు

పాపని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను రఫీ గారూ. పార్ట్ 6కి సగానికి పైగా యూట్యూబ్ సెర్చ్ నుంచే వస్తున్నారు. "బ్లౌజ్ చేతుల కటింగ్", "హ్యాండ్స్ కటింగ్ తెలుగు" ఇలాంటివి వెతికి వస్తున్నారట. ప్లేలిస్ట్ అన్న వరసలో నూటికి ముగ్గురు నలుగురు కూడా లేరు. ప్లేలిస్ట్ తెరిస్తే పైన పార్ట్ 12 ఉంది, పార్ట్ 1 అన్నిటికంటే కింద ఉంది. ఎండ్ స్క్రీన్‌లో "లేటెస్ట్ అప్‌లోడ్" పెట్టిందట పాప. ఇప్పుడు మా లేటెస్ట్ వీడియో పిల్లల ఫ్రాక్‌ది.

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

మీ ప్రశ్నకి జవాబు మీరు రాసినదాంట్లోనే ఉందండీ. కొంచెం వివరంగా చెబుతాను.

ప్లేలిస్టులో వీడియో ఉన్నంత మాత్రాన తర్వాతది ప్లేలిస్టులోంచి రాదు. చూసే మనిషి ప్లేలిస్ట్ గుండా లోపలికి రావాలి. అడ్రసులో తేడా చూడండి:

```
youtube.com/watch?v=VIDEO_ID
youtube.com/watch?v=VIDEO_ID&list=PLAYLIST_ID
```

మొదటిదానితో తెరిస్తే అది ఒంటరి వీడియో. అయిపోయాక ఏం రావాలో ఆ మనిషి ఇదివరకు చూసినవాటిని బట్టి, ఆ వీడియో చూసిన మిగతావాళ్లు తర్వాత ఏం చూశారన్నదాన్ని బట్టి సిస్టమ్ నిర్ణయిస్తుంది. అది మీదే కావచ్చు, ఇంకొకరి చేతుల మోడల్ కావచ్చు. రెండోదానితో తెరిస్తేనే పక్కన లేదా కింద మీ ప్లేలిస్ట్ వరస కనిపిస్తుంది, అయిపోగానే ఆ వరసలో తర్వాతది మొదలవుతుంది. సెర్చ్‌లో ఒక వీడియో మీద నొక్కి వచ్చినవాళ్లు మొదటి రకం. మీకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. వాళ్ల వరకు మీ ప్లేలిస్ట్ లేనట్టే.

ఇక ప్లేలిస్ట్ నుంచే వచ్చిన ఆ నలుగురి సంగతి. మీ వరస తలకిందులుగా ఉంది. పార్ట్ 6 అయ్యాక వాళ్లకి వచ్చేది పార్ట్ 5. చేతులు కత్తిరించినామె మళ్లీ ముందు భాగం డాట్ల దగ్గరికి వెళుతోంది. ప్లేలిస్ట్ సెట్టింగుల్లో కొత్త వీడియోలు పైన చేరేలా ఒక ఎంపిక ఉంటుంది, అది ఆన్‌లో ఉండి ఉంటుంది. వార్తలకీ రోజువారీ వ్లాగులకీ అదే కావాలి. నేర్పే సిరీస్‌కి అది పనికిరాదు. దాన్ని తీసేసి, ఆర్డరింగ్‌ని మాన్యువల్‌లో పెట్టి, ఒకటి నుంచి పన్నెండు వరకు లాగి సర్దండి.

ఎండ్ స్క్రీన్ అసలైన చోటు. సెర్చ్ నుంచి వచ్చినవాళ్లని పట్టుకునేది అక్కడే. అది వీడియో చివరి 5 నుంచి 20 సెకన్ల మధ్యే కనిపిస్తుంది. "లేటెస్ట్ అప్‌లోడ్" పెడితే అన్ని పార్టుల చివరా ఫ్రాక్ వస్తుంది. మీరు ప్రతి పార్ట్‌కీ ప్రత్యేకంగా దాని తర్వాతి పార్ట్‌నే ఎంచుకోవాలి. పన్నెండు సార్లు చేయాల్సిన పని, విసుగే, కానీ ఒక్కసారే. అక్కడ ప్లేలిస్ట్‌ని కూడా పెట్టొచ్చు కానీ నొక్కినవాళ్లు ప్లేలిస్ట్ మొదటి వీడియోకి వెళతారు. చేతులు అయినవాళ్లకి కొలతల పాఠం ఎందుకు? పార్ట్ 12 చివర మాత్రం వేరే ప్లేలిస్ట్ పెట్టుకోవచ్చు.

ఇంకొకటి. పిన్ చేసిన కామెంట్‌లో, డిస్క్రిప్షన్ మొదటి లైన్‌లో తర్వాతి పార్ట్ లింక్ ఇచ్చేటప్పుడు పైన రాసిన రెండో రకం ఇవ్వండి. దాన్ని నొక్కి పార్ట్ 7కి వెళ్లినామె అప్పటి నుంచి వరసలో పడుతుంది, 8, 9 వాటంతట అవే వస్తాయి. క్లాసు వాట్సాప్ గ్రూపులో పంపేటప్పుడు కూడా లింక్‌లో `list=` ఉందో లేదో చూసి పంపండి.

కిషోర్ గారు చెప్పిన అఫీషియల్ సిరీస్ ఆన్ చేయండి, నష్టం లేదు. కానీ ఒక వీడియో ఒక్క సిరీస్‌లోనే ఉండగలదు, మీ చానల్ వీడియోలే ఉండాలి. అది "ఈ వీడియోలు ఒక వరస" అని సిస్టమ్‌కి చెప్పడమే. తర్వాతది అదే చూపిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేదు.

కిషోర్ – పటమట

నాకు కనిపిస్తోంది మరి. ఆవకాయ పార్ట్ 1 పక్కన పార్ట్ 2 వస్తోంది.

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

మీ ఫోన్‌లో చూస్తే వస్తుంది కిషోర్ గారూ. మీ వీడియోలు మీరే రోజూ చూస్తారు కదా! పార్ట్ 2 అనలిటిక్స్‌లో "సజెస్టెడ్ వీడియోలు" మీద నొక్కండి, ఏ ఏ వీడియోల పక్కన నుంచి వచ్చారో జాబితా వస్తుంది. అందులో పార్ట్ 1 పైన ఉంటే మీ మాట నిజం.

లక్ష్మి – తెనాలి

నేను చానల్ నడిపేదాన్ని కాదండీ, చూసి నేర్చుకునేదాన్ని. నా అనుభవం చెప్పొచ్చా? నేను టీవీలో పెట్టుకుని, మిషన్ పక్కన కూర్చుని కుడతాను. టీవీలో డిస్క్రిప్షన్ తెరిచి లింకులు నొక్కే ఓపిక ఎవరికీ ఉండదు. రిమోట్ మైకులో "చేతుల కటింగ్" అంటాను, వచ్చింది చూస్తాను. పేరులో ముందే "పార్ట్ 6" అని కనిపిస్తే వదిలేస్తాను. ముందువి ఐదు చూడకపోతే అర్థం కాదేమో అని భయం. పద్మజ గారి వీడియో కూడా అలా ఒకసారి వదిలేసి ఉంటానేమో!

ఇంకో మాట. కుట్టేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు. వెనక్కి వెళ్లి ఒక్క చోటే మళ్లీ చూడాలంటే చాప్టర్లు ఉన్న వీడియోనే హాయి. లేనిదాంట్లో వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ కూర్చోవాలి.

పద్మజ – బ్రాడీపేట, గుంటూరు

లక్ష్మి గారూ, పార్ట్ నంబర్ సంగతి నాకు తట్టనే లేదు. పాత క్లాసు పిల్లలకి నంబర్ ఉంటే తేలిక అని ముందు పెట్టాం. నంబర్ తీసేస్తే వాళ్లు తికమకపడతారు కదా?

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

తీసేయక్కర్లేదు, వెనక్కి జరపండి. "లైనింగ్ బ్లౌజ్ పార్ట్ 6" బదులు "చేతుల కటింగ్: పఫ్ లేకుండా, ముడతలు రాకుండా | లైనింగ్ బ్లౌజ్ 6". ఫోన్‌లో పేరు సగంలో తెగిపోతుంది, కాబట్టి ముందు సగం వెతికేవాళ్లకి, వెనక సగం మీ పాతవాళ్లకి. థంబ్‌నెయిల్ మూలన చిన్న 6 ఉంటే చాలు. కింద కుడి మూలన వీడియో నిడివి పడుతుంది, ఆ మూలన మాత్రం వేయకండి.

ఇంకా ముఖ్యమైంది, వీడియో మొదట్లో "పోయిన పార్ట్‌లో చూశాం కదా" అనకండి. సెర్చ్‌లో వచ్చినామెకి పోయిన పార్ట్ అంటూ లేదు. "చంక రౌండ్ కొలత మీ దగ్గర ఉంటే చాలు, దీంతోనే చేతులు కత్తిరించొచ్చు" అని మొదలుపెడితే ఆవిడ నిలబడుతుంది.

కిషోర్ – పటమట

చాప్టర్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. దూకేస్తే చూసే టైమ్ తగ్గుతుందా లేదా, సూటిగా చెప్పండి.

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

దూకిన ముక్క చూసినట్టు లెక్కలోకి రాదు. అంతవరకు మీ మాట సరైనదే. కానీ చాప్టర్ లేకపోతే ఆ మనిషి కుదురుగా మొత్తం చూసేదా, లేక విసిగి వేరే వీడియోకి పోయేదా అన్నది అసలు ప్రశ్న. రెండో రకం మనిషి అయితే చాప్టర్ వల్ల ఆవిడ మీ దగ్గరే ఉంది.

నా చేతిలో ఉన్న ఒక చానల్ విషయం చెబుతాను. అరగంట వీడియో, మగ్గం వర్క్‌ది. ఏ నిమిషంలో ఎంతమంది చూస్తున్నారో చూపే రిటెన్షన్ గీత మొదటి రెండు నిమిషాల్లో నిలువునా పడేది, ఎందుకంటే మొదట్లో ఆవిడ సామాను చూపిస్తూ మాట్లాడతారు. చాప్టర్లు పెట్టాక సామాను ముక్క దగ్గర గుంట పడింది, "ముడి కుట్టు" మొదలయ్యే చోట గుట్ట లేచింది. సగటు టైమ్ కాస్త తగ్గింది. వచ్చిన లాభం ఏమిటంటే జనం దేనికోసం వచ్చారో గీతే చెప్పింది. ఆ గుట్టని తీసుకుని ముడి కుట్టు ఒక్కటే విడిగా చిన్న వీడియో చేశాం. చానల్‌కి అది బాగా పనికొచ్చింది.

కథలాంటిదానికి, సస్పెన్స్ ఉన్నదానికి చాప్టర్లు వద్దంటాను. మీ వంటల్లో కూడా చివర రుచి చూసే ముక్కకి పేరు పెట్టొద్దు. నేర్పేదానికి పెట్టాలి.

పేర్లు పెట్టేటప్పుడు జనం వెతికే మాటలే వాడండి. "స్టెప్ 3" అంటే ఎవరికీ ఏమీ తెలియదు, "చంక వంపు గీయడం" అంటే తెలుస్తుంది. గూగుల్ సెర్చ్‌లో కూడా ఒక్కోసారి వీడియో కింద ఈ ముక్కలు విడివిడిగా కనిపిస్తాయి, అక్కడి నుంచి నేరుగా ఆ చోటికే వస్తారు.

సుబ్బారావు మాస్టారు – మంగళగిరి

అయ్యా, ఇప్పుడు అర్థమైంది. రఫీ గారూ, నేను కూడా డిస్క్రిప్షన్‌లో టైములు రాశాను ఒక వీడియోకి. నీలం రంగులో కనిపిస్తున్నాయి, నొక్కితే అక్కడికి వెళుతోంది. కానీ కింద గీత ముక్కలు కావట్లేదు. ఇదిగో నేను రాసింది:

```
0:20 భారతదేశం ఉనికి
5:10 భౌగోళిక స్వరూపాలు
14:30 హిమాలయాలు
```

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

మాస్టారూ, మొదటి టైమ్ 0:00 అయి తీరాలి. మీ నమస్కారం, పరిచయం 0:00 "పరిచయం" అని ఒక లైన్ రాయండి. కనీసం మూడు టైములు ఉండాలి, క్రమంలో పెరుగుతూ పోవాలి, ఏ ముక్కా పది సెకన్లకి తగ్గకూడదు. వీటిలో ఏది తప్పినా టైములు నొక్కడానికి పనిచేస్తాయి, గీత మాత్రం ముక్కలవదు. కామెంట్‌లో రాసినా అంతే, లింకులవుతాయి, చాప్టర్లు కావు.

పద్మజ – బ్రాడీపేట, గుంటూరు

అందరికీ ధన్యవాదాలు. కొన్ని వారాలయింది, ఏం చేశామో చెప్పాలని వచ్చాను.

ప్లేలిస్ట్ వరస సరిచేశాం, ఎండ్ స్క్రీన్లు మార్చాం, పేర్లు మార్చాం. పార్ట్ 6, 7కి పాప చాప్టర్లు రాసింది. పార్ట్ 6 చివర ఇరవై సెకన్లు నేను ఊరికే నమస్కారం పెడుతూ ఉన్నాను. అది తీసేసి "ఈ చెయ్యిని బాడీకి ఎక్కించేటప్పుడు ముందు, వెనక తారుమారు కాకుండా ఎలా గుర్తు పెట్టుకోవాలో ఇక్కడ చూడండి" అని కొత్తగా తీసి, కొత్త పేరుతో మళ్లీ పెట్టాలనుకున్నాం. పాత వీడియో వ్యూస్ పోతాయని వద్దంది పాప. అందుకని ఆ ముక్క పార్ట్ 9కి మాత్రమే చేశాం.

ఇప్పుడు పార్ట్ 7కి వచ్చేవాళ్లలో ఎండ్ స్క్రీన్ అన్న వరస కొత్తగా కనిపిస్తోంది. సజెస్టెడ్ నొక్కితే జాబితాలో పార్ట్ 6 మొదట ఉంది, ఇదివరకు అక్కడ ఎవరిదో చీర ఫాల్ వీడియో ఉండేది. పెరుగుదల ఉంది, కానీ పార్ట్ 6తో పోల్చుకునేంత లేదు. "తర్వాతది ఎక్కడ?" అన్న కామెంట్లు మాత్రం ఆగిపోయాయి.

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

6, 7 సమానం కావండీ, ఎదురుచూడొద్దు. చేతులు ఎలా కత్తిరించాలో వెతికేవాళ్లలో చాలామందికి కుట్టడం వచ్చు, అక్కడే వాళ్ల పని అయిపోతుంది. మీరు చూడాల్సింది 7 చూసినవాళ్లలో ఎంతమంది 8కి వెళుతున్నారని. అక్కడ గట్టిగా పడిపోతుంటే అప్పుడు లోపం మన దగ్గర ఉంది.

నమస్కారం ముక్కని తీసేయడానికి మళ్లీ అప్‌లోడ్ అక్కర్లేదు. స్టూడియో ఎడిటర్‌లోనే కత్తిరించొచ్చు, వ్యూస్, లింక్ అలాగే ఉంటాయి. కొత్త ముక్క కలపడం మాత్రం కుదరదు. కత్తిరించాక చాప్టర్ టైములు, ఎండ్ స్క్రీన్ ఒకసారి సరిచూసుకోండి, జరిగి ఉండొచ్చు.

పద్మజ – బ్రాడీపేట, గుంటూరు

ఆహా, అది తెలిస్తే ఇంత తర్జనభర్జన ఉండేది కాదు. మరి అన్నీ కలిపి ఒకే పెద్ద వీడియో సంగతి? పాప ఇంకా వదల్లేదు.

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

పన్నెండింటినీ తీసేసి కాదు, అవి ఉండగానే ఇంకొకటి చేయొచ్చు. టీవీలో పెట్టుకుని కుట్టేవాళ్లకి మూడు గంటల వీడియో, ఇరవై ముప్పై చాప్టర్లతో. కానీ నా అనుభవంలో ఇది రెండు రకాలుగానూ జరిగింది. ఒక చానల్‌లో పెద్ద వీడియో చిన్నవాటి పక్కనే బాగా నడిచింది. ఇంకో చానల్‌లో "చేతుల కటింగ్" అని వెతికితే పాత చిన్న వీడియో పైన ఉండేది, ఇప్పుడు రెండూ అటూ ఇటూ మారుతున్నాయి. అది పెద్ద వీడియో వల్లనో కాదో నేను ఒట్టేసి చెప్పలేను.

కిషోర్ – పటమట

నేనైతే వద్దంటాను. ఒకే పాఠానికి రెండు వీడియోలు పెట్టి మీతో మీరే పోటీ పడటం దేనికి?

లక్ష్మి – తెనాలి

నేనైతే మూడు గంటలదే కావాలంటాను. మిషన్ దగ్గర నుంచి లేవక్కర్లేదు.

సుబ్బారావు మాస్టారు – మంగళగిరి

0:00 పెట్టాను, అయినా రావట్లేదు రఫీ గారూ.

```
0:00 పరిచయం
0:06 ఈరోజు పాఠం
0:20 భారతదేశం ఉనికి
5:10 భౌగోళిక స్వరూపాలు
```

రఫీ – వన్‌టౌన్, విజయవాడ

పరిచయం ఆరు సెకన్లే ఉంది మాస్టారూ. 0:06 లైన్ తీసేయండి, మిగతావి అలాగే ఉంచండి.